అతిథి వక్త సంభావన: రేటు, ఉపన్యాసాల లెక్క, మూలంలో పన్ను

మన సొసైటీలాంటి చోట్ల ఏడాదికి కొన్నిసార్లయినా భారతదేశం నుంచి ప్రవచనకర్తలో, పండితులో వస్తారు. వారం రోజులు సాయంత్రాలు ప్రవచనం సాగుతుంది, చివరి రోజు శాలువా కప్పి, పళ్లెంలో కవరు పెట్టి ఇస్తాం. ఆ కవరులో ఎంత ఉండాలనేది కమిటీలో అందరికీ తెలుసు. అందులో ఎంత ముందే తీసి అమెరికా ప్రభుత్వానికి కట్టాలి, ఎందుకు కట్టాలి అనేది మాత్రం చాలామందికి తెలియదు. కార్యక్రమాలకు వాలంటీర్లుగా ముందుకొచ్చే సభ్యులు ఈ లెక్క ఒకసారి ఆసాంతం చూసి ఉంటే వక్తకూ ఇబ్బంది రాదు, సొసైటీకీ నష్టం రాదు.

ముందుగా మనలో చాలామందికి అలవాటైన పద్ధతి గుర్తు చేసుకుందాం. భారతదేశంలో గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్‌కు ఇంత అని రేటు ఉంటుంది. యూజీసీ 2019లో ఒక లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు అని చెప్పింది. నెలలో తీసుకున్న క్లాసులను రేటుతో గుణిస్తారు. వృత్తిపరమైన ఫీజుగా ఇచ్చేటప్పుడు పరిమితి దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోసి మిగతాది చేతికిస్తారు. అక్కడ వక్త ఎవరైనా దాదాపు ఇదే దారి.

ఇక్కడ అలా కాదు. రేటును ఉపన్యాసాల సంఖ్యతో గుణించడం వరకు అదే పద్ధతి. ఆ తరువాత పన్ను కోయాలా వద్దా అన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. పన్ను దృష్టిలో వక్త అమెరికా నివాసియా, కాదా? ఉపన్యాసం ఇచ్చేటప్పుడు ఆయన ఏ దేశంలో ఉన్నారు?

వక్త ఇక్కడి నివాసి అయితే

వక్త అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవారో అయితే ఆయన దగ్గర డబ్ల్యూ-9 ఫారం తీసుకుని, ఒప్పుకున్న మొత్తం పూర్తిగా ఇచ్చేయడమే. మూలంలో పన్ను ఉండదు. పన్ను సంగతి ఆయన తన రిటర్నులో చూసుకుంటారు. ఇక్కడ పాస్‌పోర్టును చూసి నిర్ణయించకూడదు. ఆరు నెలలు గుంటూరులో, ఆరు నెలలు ఇక్కడ కొడుకు దగ్గర ఉండే పెద్దాయనకు గ్రీన్ కార్డు ఉంటే ఆయన సాధారణంగా ఈ కోవలోకే వస్తారు. వీసా మీద ఉన్నవారు కూడా ఇక్కడ గడిపిన రోజుల లెక్కను బట్టి పన్ను విషయంలో నివాసి కావచ్చు.

సొసైటీ చేయాల్సిందల్లా ఒక క్యాలెండర్ సంవత్సరంలో ఆ వక్తకు మొత్తం ఎంత ఇచ్చిందో కూడి చూసుకోవడం. 2025 వరకు ఇచ్చిన చెల్లింపులకు 600 డాలర్లు చేరితే 1099-ఎన్‌ఈసీ ఫారం ఇవ్వాలి. 2025 జూలైలో వచ్చిన చట్టం వల్ల 2026 నుంచి ఇచ్చే చెల్లింపులకు ఆ హద్దు 2,000 డాలర్లయింది. ఉగాదికి ఇచ్చిన 300, కార్తీకంలో ఇచ్చిన 1,800 కలిస్తే 2,100 అవుతుంది, కాబట్టి ఫారం ఇవ్వాలి. విడివిడిగా చూస్తే రెండూ హద్దు లోపలే ఉన్నట్టు కనిపిస్తాయి, పొరపాటు అక్కడే జరుగుతుంది. ఫారం రాకపోయినా అది వక్తకు ఆదాయమే. పన్ను నంబరు ఇవ్వని వక్తకు చెల్లింపు ఆ హద్దు చేరితే మాత్రం 24 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. అందుకే కవరు కన్నా ముందు డబ్ల్యూ-9 చేతికి రావాలి.

వక్త భారతదేశం నుంచి వస్తే

అసలు లెక్క ఇక్కడుంది. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళదాం. ఇందులోని వక్త, మొత్తాలు కేవలం లెక్క కోసం అనుకున్నవి.

హైదరాబాద్ నుంచి ఒక ప్రవచనకర్త 2026 నవంబరు చివర్లో, కార్తీక మాసంలో వస్తున్నారు. ఏడు సాయంత్రాలు, ఒక్కో ఉపన్యాసానికి 300 డాలర్లు. విమానం టికెట్టు సొసైటీయే కొంటుంది, బస ఒక సభ్యుల ఇంట్లో. అనుకున్న ప్రకారం జరిగితే మొత్తం 2,100 డాలర్లు. నాలుగో రోజు మంచు తుఫాను వల్ల గుడి మూసేశారు, ఆ సాయంత్రం ప్రవచనం జరగలేదు. ఆయన ఆరు ఉపన్యాసాలు చెప్పి వెళ్లిపోయారు. మిగిలిన ఒక్కటీ డిసెంబరులో హైదరాబాద్‌లోని తమ ఇంటి నుంచి జూమ్‌లో చెప్పారు.

ముందు సంఖ్య తేలాలి. ఆహ్వాన లేఖలో "ఉపన్యాసానికి 300" అని మాత్రమే ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. రద్దయిన రోజుకు ఇవ్వాలా? ప్రవచనం తరువాత అరగంట ప్రశ్నోత్తరాలు వేరే లెక్కా? ఆదివారం ఉదయం పిల్లలతో ముచ్చటించినది ఒక ఉపన్యాసమా? ఇవన్నీ లేఖలోనే తేల్చుకోవాలి. మన ఉదాహరణలో లేఖ ఇలా ఉందనుకుందాం: ప్రశ్నోత్తరాలతో కలిపి ఒక సాయంత్రం ఒక ఉపన్యాసం, పిల్లల సమావేశానికి వేరే పారితోషికం లేదు, గుడి వైపు నుంచి రద్దయితే మరో రోజు పెట్టుకోవచ్చు, జరిగిన వాటికే చెల్లింపు. కాబట్టి గుడిలో ఆరు, జూమ్‌లో ఒకటి.

ఇప్పుడు పన్ను. అమెరికా నివాసి కాని వ్యక్తి ఈ గడ్డ మీద చేసిన పనికి ఇచ్చే స్వతంత్ర పారితోషికం నుంచి, మినహాయింపు ఏదీ రుజువు కాకపోతే, ఇచ్చే సంస్థ 30 శాతం కోయాలి. కోత మొత్తం పారితోషికం మీద పడుతుంది.

గుడిలో చెప్పినవి: 6 × 300 = 1,800 డాలర్లు
కోసిన పన్ను 30 శాతం: 540 డాలర్లు
చేతికి ఇచ్చేది: 1,260 డాలర్లు

జూమ్ ఉపన్యాసం సంగతి వేరు. పని ఎక్కడ జరిగితే ఆదాయం ఆ దేశానిదని ఇక్కడి నియమం. వినేవాళ్లు ఎక్కడున్నారు, డబ్బు ఏ బ్యాంకు నుంచి వెళ్లింది అన్నది ముఖ్యం కాదు. ఆయన హైదరాబాద్‌లో కూర్చుని చెప్పారు కాబట్టి ఆ 300 అమెరికా ఆదాయం కాదు, దాని మీద 30 శాతం కోత లేదు. అయితే ఆ రోజు ఆయన భారతదేశంలోనే ఉన్నారని మన ఫైలులో కాగితం ఉండాలి. ఆయన విదేశీయులని తెలిపే డబ్ల్యూ-8 ఫారం, తేదీ, ఏ ఊరి నుంచి చెప్పారన్న ఒక ఈమెయిల్ చాలు. ఆయనకు మొత్తం అందేది 1,260 కి 300 కలిపి 1,560 డాలర్లు. అదే జూమ్ ఉపన్యాసాన్ని ఆయన న్యూజెర్సీలో బంధువుల ఇంట్లో కూర్చుని చెప్పి ఉంటే అది అమెరికాలో చేసిన పనే. అప్పుడు ఏడు ఉపన్యాసాలకూ, అంటే 2,100 మీద 630 కోయాలి.

కోసిన డబ్బు ఎటు వెళుతుంది

ఆ 540 డాలర్లు సొసైటీవి కావు, ఖాతాలో ఉంచుకోకూడదు. నెలాఖరుకు ఇలా కోసి ఉంచిన మొత్తం 200 నుంచి 2,000 డాలర్ల లోపు ఉంటే తరువాతి నెల 15వ తేదీకల్లా ఆన్‌లైన్‌లో ఐఆర్ఎస్‌కు జమ చేయాలి. మన ఉదాహరణలో నవంబరులో చెల్లించాం కాబట్టి డిసెంబరు 15. మొత్తం 2,000 చేరితే గడువు ఇంకా చాలా తక్కువ, కొద్ది రోజుల్లోనే కట్టాలి. తరువాత 2027 మార్చి 15లోగా 1042 ఫారంలో వార్షిక లెక్క, వక్త పేరు మీద 1042-ఎస్ ఫారం దాఖలు చేసి, దాని ప్రతి వక్తకు పంపాలి. కాగితాల పని కాస్త ఉందని అనిపిస్తుంది గానీ, ఆ 1042-ఎస్ లేకపోతే వక్త తన 540 తిరిగి అడగడానికి చేతిలో ఆధారం ఉండదు.

కోయకుండా 1,800 చెక్కు ఇచ్చేస్తే ఏమవుతుంది? వక్త విమానం ఎక్కేస్తారు. ఐఆర్ఎస్ అడిగేది వక్తను కాదు, మనల్ని. కోయాల్సిన 540కి చెల్లించిన సంస్థే బాధ్యత వహించాలి, దాని మీద వడ్డీ, జరిమానా పడవచ్చు. ఆ డబ్బు అన్నదానం నిధి నుంచో, భవన నిధి నుంచో రావాల్సిందే. చెక్కు మీద "దక్షిణ" అనో "కానుక" అనో రాసినంత మాత్రాన అది బహుమతి అయిపోదు. ఉపన్యాసానికి ఇంత అని ముందే ఒప్పుకున్న మొత్తం పనికి ఇచ్చిన ప్రతిఫలమే.

హారతి పళ్లెం ప్రశ్న కూడా తరచుగా వస్తుంది. భక్తులు వక్త చేతిలో నేరుగా పెట్టిన డబ్బు సొసైటీ చెల్లింపు కాదు, అది ఆయనకూ వాళ్లకూ మధ్య సంగతి. సొసైటీ రసీదులిచ్చి సొసైటీ పేరున వసూలు చేసి, తరువాత ఆయనకు అందజేసినది మాత్రం మన చెల్లింపే. దాన్ని 1,800కి కలిపి లెక్క వేయాలి.

"ఆయన చేతికి పూర్తిగా 1,800 అందాలి" అని కమిటీ మాటిస్తే లెక్క తిరగబడుతుంది. 1,800కి 30 శాతం కలిపితే సరిపోదు. కోత పోగా 1,800 మిగలాలంటే 1,800ని 0.70తో భాగించాలి: 2,571.43 డాలర్లు. పన్ను 771.43. అంటే ఆ ఒక్క మాట సొసైటీకి 771 డాలర్ల అదనపు ఖర్చు. ఫోనులో "మీకేం తగ్గదండీ" అనే ముందు ఈ అంకె గుర్తుండాలి.

ప్రయాణ ఖర్చులు

సొసైటీ కొన్న విమానం టికెట్టు, బిల్లు చూపించి తీసుకున్న టాక్సీ ఖర్చు పారితోషికంలోకి రావు, వాటి మీద కోత లేదు. దానికి తేదీ, కారణం, బిల్లు ఉండాలి. ముందుగా ఇచ్చిన అడ్వాన్సులో మిగిలినది తిరిగి రావాలి. బిల్లులు లేకుండా "దారి ఖర్చులకు 500 ఉంచండి" అని ఇస్తే ఆ 500 కూడా పారితోషికమే. అప్పుడు 2,300 మీద కోత 690 అవుతుంది. బిల్లు అడగడం అమర్యాదగా తోచవచ్చు గానీ, అడగకపోతే ఆయన జేబు నుంచే 150 పోతుంది.

30 శాతం తప్పదా? ఒప్పందం ఏమంటుంది

భారతదేశానికీ అమెరికాకూ మధ్య 1989 సెప్టెంబరు 12న న్యూఢిల్లీలో పన్ను ఒప్పందం జరిగింది. 1990 డిసెంబరులో అమలులోకి వచ్చింది. దాని 15వ అధికరణ ప్రకారం భారత నివాసి అయిన వ్యక్తి ఇక్కడ స్వతంత్రంగా వృత్తిపరమైన సేవ చేసి సంపాదించినదాని మీద అమెరికా పన్ను వేయదు. షరతులు రెండు. ఆ సంవత్సరంలో ఆయన అమెరికాలో ఉన్న రోజులు అన్ని ప్రయాణాలూ కలిపి 90కి చేరకూడదు. ఇక్కడ ఆయనకు ఎప్పుడూ వాడుకునే స్థిరమైన కార్యస్థానం ఉండకూడదు. బోధన, సాహిత్యం ఈ వృత్తిపరమైన సేవల్లోకి వస్తాయి కాబట్టి ప్రవచనకర్తకు ఇది సరిపోయే అవకాశం ఉంది. మార్చిలో 50 రోజులు, నవంబరులో 45 రోజులు ఉన్నవారికి మాత్రం సరిపోదు, మొత్తం 95 అవుతుంది. గాయకులు, వాద్య కళాకారుల లెక్క వేరు. వారికి 18వ అధికరణ వర్తిస్తుంది, ఖర్చులు పోగా సంవత్సరానికి 1,500 డాలర్ల వరకే మినహాయింపు. కచేరీకీ ప్రవచనానికీ ఒకే కాగితం వాడకూడదు.

ఈ మినహాయింపు తనంతట తాను రాదు. వక్త 8233 ఫారం నింపి సంతకం చేయాలి. అందులో అమెరికా పన్ను నంబరు తప్పనిసరి. గతంలో ఇక్కడ చదివినవారికో, పనిచేసినవారికో సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది, అది చాలు. లేకపోతే డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ అనే నంబరు తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది, విదేశం నుంచి దరఖాస్తు చేస్తే రెండు నెలలు దాటవచ్చు. సొసైటీ ఆ 8233ని చూసి, ఒప్పుకుని సంతకం చేసిన 5 రోజుల్లోగా ఐఆర్ఎస్‌కు పంపాలి. పంపాక కనీసం 10 రోజులు ఆగి, అభ్యంతరం రాకపోతే పన్ను కోయకుండా చెల్లించవచ్చు. అంటే ప్రవచనాల చివరి రోజు ఫారం గుర్తుకొస్తే ఆలస్యమైపోయినట్టే. కనీసం మూడు నెలల ముందు మొదలు పెట్టాలి. పన్ను కోయకపోయినా 1042-ఎస్ దాఖలు చేయాల్సిందే, అందులో కోత సున్నా అని ఉంటుంది.

నంబరు సమయానికి రాకపోతే 540 కోసి కట్టడమే సరైన పని. ఆ డబ్బు పోయినట్టు కాదు. వక్త తరువాతి సంవత్సరం 1040-ఎన్ఆర్ రిటర్ను వేసి, ఒప్పందం చూపించి తిరిగి అడగవచ్చు. జీతం కాని ఇలాంటి ఆదాయానికి గడువు సాధారణంగా జూన్ 15. ఐటిన్ లేకపోతే అదే రిటర్నుతో దరఖాస్తు జతచేయవచ్చు. ఈ సంగతి వక్తకు ముందే చెప్పాలి. "ఇండియాలో క్రెడిట్ తీసుకుంటానులెండి" అని కొందరు ఊరుకుంటారు. ఒప్పందం ప్రకారం అమెరికాకు రానక్కరలేని పన్నుకు అక్కడ క్రెడిట్ అడిగితే చిక్కు రావచ్చు. ఇక్కడే తిరిగి తీసుకోవడం సరైన దారి.

రాష్ట్రాల నియమాలు మళ్లీ వేరు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో చేసిన పనికి ఆ రాష్ట్ర నివాసి కానివారికి ఇచ్చేది సంవత్సరానికి 1,500 డాలర్లు దాటితే సాధారణంగా 7 శాతం రాష్ట్రానికి కోయాలి. కేంద్రం ఒప్పందం అక్కడ అడ్డు రాదు. మీ రాష్ట్రంలో ఏముందో అకౌంటెంటును అడగాలి.

వీసా వేరు, పన్ను వేరు

పన్ను సరిగ్గా కోశాం కాబట్టి చెల్లింపు సక్రమమైనదే అనుకోకూడదు. బి-1 మీద వచ్చినవారు ఒక సంస్థలో 9 రోజులకు మించకుండా, 6 నెలల్లో 5 సంస్థలకు మించకుండా గౌరవ పారితోషికం తీసుకోవచ్చని ఒక నియమం ఉంది. అయితే అది విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థలు, పరిశోధన సంస్థలకు. గుడి లాభాపేక్ష లేని సంస్థే అయినా ఆ జాబితాలోకి వచ్చేస్తుందని అనుకోవద్దు. మత ప్రచార యాత్రల మీద వచ్చేవారికి బి-1లో వేరే నియమాలున్నాయి, ఆర్-1, పి-3 వంటి వీసాలూ ఉన్నాయి. ఏ వీసా మీద వస్తున్నారు, దాని మీద పారితోషికం తీసుకోవచ్చా అన్నది తేదీలు ప్రకటించకముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడిగి తేల్చుకోవాలి. తీసుకోకూడదంటే టికెట్టు, బస, బిల్లులున్న ఖర్చుల దగ్గరే ఆగాలి.

ఆహ్వాన లేఖలో ఏముండాలి

కార్యక్రమం చూసే సభ్యులు వక్తకు రాసే లేఖలో ఈ ఐదు మాటలు ఉండేలా చూడండి. ఉపన్యాసానికి రేటు ఎంత. ఏది ఒక ఉపన్యాసం, రద్దయితే ఏం చేస్తాం. చెప్పిన మొత్తం పన్ను కోయకముందుదా, తరువాతదా. ప్రయాణ ఖర్చులు బిల్లుల మీదే ఇస్తామన్న సంగతి. వక్తకు అమెరికా పన్ను నంబరు ఉందా, ఈ సంవత్సరం ఇప్పటికే ఎన్ని రోజులు ఇక్కడ ఉన్నారన్న ప్రశ్న. ప్రతి సాయంత్రం హాజరు పుస్తకంలో తేదీ, అంశం, వక్త సంతకం తీసుకుంటే చివర్లో సంఖ్య మీద వాదన ఉండదు.

కవరుతో పాటు ఒక చిన్న చీటీ కూడా ఉంచండి: ఎన్ని ఉపన్యాసాలు, మొత్తం ఎంత, కోసినది ఎంత, 1042-ఎస్ ఎప్పుడు పంపుతాం. ఇంటికి వెళ్లి కవరు విప్పిన పెద్దాయన 1,800 అనుకున్న చోట 1,260 చూసి నొచ్చుకోకుండా ఉండటానికి ఆ నాలుగు వరుసలు చాలు.